గో-లైవ్ వాయిదా పడితే బోర్డుకు ఏం రాయాలి?

ఈఆర్‌పీ గో-లైవ్ అనుకున్న తేదీకి జరగడం లేదని ప్రాజెక్టు మేనేజర్లు బోర్డుకు రాసే ఉత్తరాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. ముందు ఇప్పటిదాకా జరిగిన పని గురించి ఒక పేరా. తరువాత డేటాలో కొన్ని చిక్కులు వచ్చాయని, యూజర్లకు ఇంకొంత ట్రైనింగ్ కావాలని రెండు వాక్యాలు. ఆ తరువాత కొత్త తేదీ, అదనపు ఖర్చు, సహకరించమని విన్నపం. బోర్డు ఓ అరగంట చర్చించి కొత్త తేదీకి ఆమోదం తెలుపుతుంది. మూడు నెలలు గడిచాక అదే ఉత్తరం, తేదీ మాత్రం మారి, మళ్లీ వస్తుంది.

లోపం రాసేవారి చిత్తశుద్ధిలో లేదు, ఉత్తరం అడిగేదానిలో ఉంది. బోర్డు ముందు పెట్టాల్సింది ప్రధానంగా తేదీ కాదు. ఆ తేదీ నాటికి ఏవేవి నిజం కావాలి, అయ్యాయని ఎలా తేలుతుంది, కాకపోతే ఆపే అధికారం ఎవరిది అన్నవి పెట్టాలి. ఇవి లేకుండా తేదీ ఒక్కటే ఇస్తే, వాయిదా వల్ల వచ్చిన సమయం దేనికి ఖర్చవుతుందో ఎవరికీ తెలియదు. బయటి లోకంలో బాగా నమోదైన మూడు ఉదంతాలను ఈ దృష్టితో చూస్తే, వాయిదా వేసినా ఎందుకు దెబ్బతిన్నారో తెలుస్తుంది. ఆ మూడింటిలోనూ గో-లైవ్ వాయిదా పడింది. మూడూ ఆ తరువాతే చెడ్డాయి.

అమెరికాలో చాక్లెట్లు చేసే హెర్షీ కంపెనీ 1990ల చివర శాప్‌తో పాటు మరో రెండు సాఫ్ట్‌వేర్లను కలిపి పెట్టుకోవాలనుకుంది. నాలుగేళ్లు పట్టే పనిని, 2000 సంవత్సరం సమస్య ముంచుకొస్తోందని, 30 నెలలకు కుదించింది. ఆర్డర్లు తీసుకునే, బిల్లులు వేసే భాగం 1999 ఏప్రిల్‌లో మొదలవ్వాలి. అది జూలైకి జారింది. మూడు నెలల ఆలస్యం ఈ రంగంలో పెద్ద విషయం కాదు. కానీ అక్టోబర్ చివర వచ్చే హాలోవీన్ కోసం దుకాణాల ఆర్డర్లు వచ్చిపడేది సరిగ్గా జూలై, ఆగస్టుల్లోనే. ఏడాది మొత్తంలో తప్పు చేయడానికి బొత్తిగా వీలులేని నెలల్లోకి గో-లైవ్ వెళ్లి కూర్చుంది. గోదాముల్లో సరుకు ఉంది, బయట ఆర్డర్లు ఉన్నాయి, కానీ సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు సమయానికి అందలేదు. ఆ త్రైమాసికపు లాభం అంతకుముందు ఏడాది ఇదే కాలంతో పోలిస్తే 19 శాతం పడిపోయింది.

హెర్షీ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇంకొకటి. సీజన్‌లో గోదాములు నిండిపోతే, ఫ్యాక్టరీల్లో ఖాళీగా ఉన్న గదుల్లోనూ తాత్కాలికంగా అద్దెకు తీసుకున్న చోట్లలోనూ సరుకు పెట్టడం అక్కడి స్టోర్స్ మనుషులకు అలవాటు. పాత పద్ధతిలో అది వాళ్లకు నోటిలెక్కగా తెలుసు. కొత్త సిస్టమ్‌లో ఆ గదులు స్టోరేజ్ లొకేషన్లుగా నమోదు కాలేదు. లేని చోట ఉన్న సరుకు సిస్టమ్‌కు కనపడదు. కనపడని సరుకును అది ఏ ఆర్డర్‌కూ కేటాయించదు. ఇది సాఫ్ట్‌వేర్ లోపం కాదు. వాయిదా పడిన మూడు నెలల్లో ఎవరో ఒకరు గోదాముల చుట్టూ తిరిగి, సరుకు నిజంగా ఎక్కడెక్కడ ఉంటుందో రాసుకుని వస్తే దొరికే విషయం.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్ ఆరోగ్య శాఖది మరో తీరు. అక్కడ దాదాపు 78 వేల మంది సిబ్బందికి రెండు వారాలకోసారి జీతాలిచ్చే సిస్టమ్‌ను మార్చబోయారు. పాత సిస్టమ్‌కు తయారీదారు సపోర్ట్ ఆగిపోవడంతో తొందర పెరిగింది. గో-లైవ్ 2008 నుంచి వాయిదా మీద వాయిదా పడుతూ 2010 మార్చికి చేరింది. అన్నిసార్లు వాయిదా వేశాక ఇంకొక్కసారి వేయడానికి ఎవరికీ మనసొప్పదు. అక్కడ జరిగింది చూడండి. యూజర్ల పరీక్షలో తీవ్రమైన లోపాలు మిగిలి ఉంటే ముందుకు వెళ్లకూడదన్నది మొదటి షరతు. లోపాలు తగ్గకపోయేసరికి, ‘తీవ్రం’ అంటే ఏమిటన్న నిర్వచనాన్నే సడలించారు. వాటిని ఎలా నెట్టుకొస్తామో ఒక ప్రణాళిక ఉంటే చాలన్నారు. పాత సిస్టమ్‌లోనూ కొత్త సిస్టమ్‌లోనూ అందరి జీతాలూ వేసి పోల్చే పూర్తి పరీక్ష జరగనే లేదు, కొంతమందివి మాత్రమే పోల్చారు. మొదలైన వారాల్లోనే కొందరికి జీతం రాలేదు, కొందరికి తక్కువ వచ్చింది, కొందరికి ఎక్కువ వచ్చింది. 2013లో విశ్రాంత న్యాయమూర్తి రిచర్డ్ చెస్టర్‌మన్ విచారణ కమిషన్ నివేదిక ఇచ్చే నాటికి, ఆ సిస్టమ్‌ను సరిదిద్ది నడపడానికయ్యే మొత్తం ఖర్చు 120 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లుగా లెక్కకు వచ్చింది.

మూడోది ఈ మధ్యది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నగర కౌన్సిల్ 1999 నుంచి వాడుతున్న శాప్‌ను వదిలి ఒరాకిల్‌కు మారింది. 2020 డిసెంబర్ అనుకున్న గో-లైవ్ 2021 ఫిబ్రవరికి, అక్కణ్నుంచి 2022 ఏప్రిల్‌కు జరిగింది. దాదాపు 2 కోట్ల పౌండ్లతో మొదలైన అంచనా తరువాతి కాలంలో 10 కోట్లు దాటింది. కొత్త సిస్టమ్‌ను ఉన్నది ఉన్నట్టు వాడుకోవడానికి బదులు, పాత అలవాట్లకు తగ్గట్టు దాన్ని మలచడానికి కౌన్సిల్ పూనుకుంది. బ్యాంకు ఖాతాలోకి వచ్చిన డబ్బును పుస్తకాల్లోని పద్దులతో సరిపోల్చే భాగాన్ని ప్రత్యేకంగా రాయించుకున్నారు. గో-లైవ్ తరువాత అదే పనిచేయలేదు. ఏ డబ్బు ఎవరిదో తేలక, పుస్తకాలు మూయలేక, ఖాతాలు ఆడిట్‌కు ఇవ్వలేక ఇబ్బంది పడ్డారు. 2023 సెప్టెంబర్‌లో కౌన్సిల్ ఆర్థికంగా చేతులెత్తేసిందంటే దానికి సమాన వేతనాల బకాయిలు ముఖ్య కారణం. కానీ తన దగ్గర ఎంత డబ్బుందో తనకే ఖచ్చితంగా తెలియని స్థితి ఆ సమయంలోనే ఉండటం దాన్ని మరింత కష్టం చేసింది. పదహారు నెలల వాయిదా దొరికినా, అసలు కారణమైన ప్రత్యేక మార్పులు తగ్గలేదు.

హెర్షీలో కొత్త తేదీ చెడ్డది. క్వీన్స్‌ల్యాండ్‌లో కొత్త తేదీ కోసం షరతును వంచారు. బర్మింగ్‌హామ్‌లో ఆలస్యానికి మూలమైన పనిని ఆలస్యమూ ఆపలేదు. బోర్డుకు వెళ్లే ఉత్తరం ఈ మూడు తప్పులకూ తావివ్వకూడదు. అది ఎలా ఉంటుందో ఊరికే చెప్పడం కన్నా ఒక ఉదాహరణను దగ్గరగా చూడటం మేలు. హైదరాబాద్ శివార్లలో మాత్రలు తయారుచేసే ఒక మధ్యస్థాయి ఫార్మా కంపెనీ ఉందనుకుందాం. అక్టోబర్ 1న గో-లైవ్ కావాలి. సెప్టెంబర్‌లో రెండో మాక్ కటోవర్ చేశారు. అంటే పాత సిస్టమ్‌ను మూసి, డేటాను కొత్తదానిలోకి ఎక్కించి, తెరిచేదాకా ఉన్న మొత్తం పనిని గడియారం పెట్టుకుని రిహార్సల్ చేశారు. ఇక్కడి అంకెలు ఉదాహరణ కోసం నేను వేసుకున్నవి. తేడాలు పుట్టిన చోట్లు మాత్రం ఈ పనిలో ఉన్నవారందరూ చూసినవే.

పాత పుస్తకాల్లో సరుకు విలువ 84.20 కోట్ల రూపాయలు. కొత్త సిస్టమ్‌లో తేలింది 81.65 కోట్లు. తేడా 2.55 కోట్లు. ‘డేటాలో చిక్కులు’ అని మామూలు ఉత్తరం రాసేది దీన్నే. ఆ తేడాను విప్పి చూస్తే మూడు ముక్కలుగా ఉంది. క్వాలిటీ పరీక్ష పూర్తికాక క్వారంటైన్‌లో ఉన్న ముడిసరుకు 1.40 కోట్లు. దాని విలువ పుస్తకాల్లో ఉన్నా, వివరాలు పాత సిస్టమ్‌లో లేవు, స్టోర్స్ ఇన్‌ఛార్జి నడిపే ఎక్సెల్ షీట్‌లో ఉన్నాయి. జాబ్‌వర్క్ కోసం బయటి యూనిట్లకు పంపిన సరుకు 70 లక్షలు. అది మనదే అయినా మన గేటు లోపల లేదు కాబట్టి, డేటా తీసినవాళ్లు తీయలేదు. మిగిలిన 45 లక్షలు యూనిట్ల గందరగోళం: పాత సిస్టమ్‌లో పెట్టెల్లో లెక్క, కొత్తదానిలో స్ట్రిప్పుల్లో లెక్క, కొన్ని ఐటమ్‌లకు పెట్టెల లెక్క మారకుండానే స్ట్రిప్పు ధర పడింది.

విలువ తేడా కంటే ప్రమాదకరమైనది ఇంకొకటి ఉంది, అది విలువలో కనపడదు. కొన్ని వందల బ్యాచ్‌లకు గడువు తేదీ ఖాళీగా ఎక్కింది. మందుల కంపెనీలో ముందు గడువు తీరే బ్యాచ్‌ను ముందు పంపాలి. ఏ బ్యాచ్ పంపాలో కొత్త సిస్టమ్ గడువు తేదీని బట్టే ఎంచుతుంది. తేదీ లేని బ్యాచ్‌ను అది అసలు ఎంచకపోవచ్చు, లేదా తప్పు వరుసలో ఎంచవచ్చు. మొదటి సోమవారం డిపో నుంచి ఆర్డర్ వస్తుంది, ర్యాకులో సరుకు ఉంటుంది, పికింగ్ లిస్టు మాత్రం ఖాళీగా వస్తుంది. హెర్షీలో నమోదు కాని గది ఏం చేసిందో ఇక్కడ ఖాళీ గడి అదే చేస్తుంది.

సమయం లెక్క కూడా చెప్పాలి. శుక్రవారం రాత్రి 8 నుంచి సోమవారం ఉదయం 8 దాకా 60 గంటలు అనుకున్నారు, 91 పట్టింది. ఎక్కువైన 31 గంటల్లో 14 స్టాక్‌ను మళ్లీ మళ్లీ ఎక్కించడానికి పోయాయి. తప్పులన్నీ ఒకేసారి బయటపడవు, ఒకటి దిద్దితే దాని వెనకున్నది కనిపిస్తుంది. ధరల తప్పులు దిద్దడానికి 6 గంటలు పట్టింది. తక్కిన 11 గంటలు ఎవరూ పనిచేసినవి కావు. ఓపెనింగ్ బ్యాలెన్సులు సరిచూసి సంతకం పెట్టాల్సిన ఫైనాన్స్ అధికారి ఒక్కరే ఉండటంతో, రాత్రుళ్లు ఆయన కోసం ఆగిన సమయం అది. ఈ సంగతి ఉత్తరంలో రాస్తే ఒక మనిషిని తప్పుపట్టినట్టవుతుందని చాలామంది వదిలేస్తారు. వదలకూడదు. ఇంకో అధికారికి సంతకం అధికారం ఇవ్వగలిగేది యాజమాన్యమే, అందుకే అది వాళ్లకు తెలియాలి.

ఇంత తెలిశాక ఉత్తరంలోని మొదటి పేరా ఇలా ఉండవచ్చు:

“గౌరవనీయులైన డైరెక్టర్లకు, అక్టోబర్ 1 గో-లైవ్‌ను ఆపమని కోరుతున్నాము. రెండో మాక్ కటోవర్‌లో సరుకు విలువలో 2.55 కోట్ల తేడా వచ్చింది, కటోవర్ 60 గంటలకు బదులు 91 గంటలు పట్టింది. తేడా మొత్తం ఎక్కడుందో గుర్తించాము, వివరాల పట్టిక జతచేశాము. గడువు తేదీ లేని బ్యాచ్‌లను స్టోర్స్, క్వాలిటీ విభాగాలు ర్యాకుల దగ్గర చూసి నింపుతున్నాయి. ఇది పూర్తికాకుండా తెరిస్తే, మొదటి వారంలో డిపోలకు సరుకు పంపలేని ప్రమాదం ఉంది.”

ఇందులో ఎవరినీ నిందించలేదు, ఏదీ దాచలేదు. ‘95 శాతం పూర్తయింది’ అన్న మాట కూడా లేదు. ఆ శాతం దేన్ని కొలుస్తుందో ఎవరూ చెప్పలేరు. కాన్ఫిగరేషన్ అంతా పూర్తయి, ఒక్క క్వారంటైన్ స్టాక్ ఎక్కకపోతే అది 99 శాతమే కావచ్చు, అయినా తెరవకూడదు.

ఇక కొత్త తేదీ. చాలామంది ఏప్రిల్ 1 అంటారు. ఒక ఆర్థిక సంవత్సరం మొత్తం ఒకే పుస్తకంలో ఉంటుందన్నది బలమైన వాదనే. కానీ మార్చి నెలాఖరున సేల్స్ టార్గెట్ల కోసం డిస్పాచ్ రెట్టింపవుతుంది, భౌతికంగా స్టాక్ లెక్కిస్తారు, ఆడిటర్లు వస్తారు, ఏడాది పుస్తకాలు మూయాల్సిన వాళ్లే ఓపెనింగ్ బ్యాలెన్సులు సరిచూడాలి. పైన 11 గంటలు వృథా అయినది ఆ ఫైనాన్స్ విభాగంలోనే. నవంబర్ 1 అంటే దీపావళి సెలవుల దరిదాపుల్లో, నింపాల్సిన బ్యాచ్‌లు నింపకుండానే మరో రిహార్సల్. ఈ కంపెనీకి నేనైతే జనవరి 1 సూచిస్తాను. మార్చి వచ్చేలోగా జనవరి, ఫిబ్రవరి అని రెండు నెలల పుస్తకాలు కొత్త సిస్టమ్‌లో మూసిన అనుభవం ఉంటుంది. దానికి మూల్యమూ ఉంది. జీఎస్టీ వార్షిక రిటర్నుకు, ఏడాది ఖాతాలకు రెండు సిస్టమ్‌ల అంకెలను కలపాలి. కంపెనీల చట్టం ప్రకారం ఎనిమిదేళ్ల పుస్తకాలు అందుబాటులో ఉండాలి కాబట్టి, పాత సిస్టమ్‌ను చదవగలిగే స్థితిలో ఉంచడం ఏ తేదీకైనా తప్పదు. జనవరి తప్పితే మళ్లీ ఏప్రిల్ కాదు, ఏడాది ఆడిట్ పని తగ్గాకే. ఈ మాట ముందే రాయడం మంచిది. అప్పుడు ‘ఎలాగైనా ఈ తేదీకే’ అనే ఒత్తిడి ఎంత ఖరీదైనదో డిసెంబర్‌లో కొత్తగా వాదించాల్సిన పని ఉండదు.

నెల మధ్యలో తెరవకూడదనడానికి కారణం అలవాటు కాదు. ఒకే నెలలో రెండు సిస్టమ్‌ల నుంచి ఇన్‌వాయిస్‌లు వెళ్తే జీఎస్‌టీఆర్-1లో రెండు సిరీస్‌లనూ కలిపి చూపాలి, పొరపాట్లకు అది చోటిస్తుంది. ఇంకా ముఖ్యమైనది ఈ-ఇన్‌వాయిస్. పోర్టల్‌లో నమోదై ఐఆర్‌ఎన్ వచ్చిన ఇన్‌వాయిస్‌ను 24 గంటల లోపే ఆ పోర్టల్‌లో రద్దు చేయవచ్చు, ఆ తరువాత సాధారణంగా క్రెడిట్ నోటుతోనే సరిదిద్దాలి. అందువల్ల కొత్త సిస్టమ్ నుంచి మొదటి ఇన్‌వాయిస్‌లు వెళ్లి లారీలు కదిలాక, పాతదానికి వెనక్కి వెళ్లడం అన్నది కాగితం మీద మాటే. వెనక్కి వెళ్లే నిర్ణయం దానికి ముందే జరగాలి. మన ఉదాహరణలో ఆ గంట ఆదివారం సాయంత్రం 6. ఆ గంటకు ఎవరెవరు గదిలో ఉంటారో, ఎవరు ‘వద్దు’ అంటే ఆగుతుందో ఉత్తరంలో హోదాలతో సహా ఉండాలి. నా అభిప్రాయంలో ఆ హక్కు ప్రాజెక్టు మేనేజర్‌కు ఒక్కరికే ఉండకూడదు. ఫైనాన్స్, డిస్పాచ్, క్వాలిటీ అధిపతుల్లో ఏ ఒక్కరు వద్దన్నా ఆగాలి. తేదీ నిలబెట్టుకోవాలన్న ఒత్తిడి వాళ్ల మీద ప్రాజెక్టు వాళ్ల మీద ఉన్నంత ఉండదు, తప్పు జరిగితే మోసేది మాత్రం వాళ్లే.

షరతులు తక్కువగా, కొలవగలిగేలా ఉంటే చాలు. నవంబర్‌లో మూడో మాక్, డిసెంబర్ మొదట్లో నాలుగోది. నాలుగోదానిలో బ్యాచ్‌వారీ పరిమాణంలో తేడా సున్నా కావాలి, విలువలో మిగిలిన ప్రతి రూపాయికీ వివరణ ఉండాలి. గడువు తేదీ లేని బ్యాచ్ ఒక్కటీ ఉండకూడదు. కటోవర్ 56 గంటల్లో ముగియాలి. మిగిలే నాలుగు గంటలూ అనుకోనివాటికి. ఆర్డర్ నుంచి ఈ-వే బిల్లు దాకా ఒక డిపో పనిని ఆ డిపో మనుషులే, ప్రాజెక్టు వాళ్ల సాయం లేకుండా చేసి చూపాలి. వీటితో పాటు, లోపాల తీవ్రతకు ఇవాళ ఉన్న నిర్వచనాలను జతచేసి, బోర్డు అనుమతి లేకుండా వాటిని మార్చబోమని రాయాలి. క్వీన్స్‌ల్యాండ్‌లో జారిన మెట్టు ఇదే. తీవ్రమైన లోపాలు నెలలో 40 నుంచి 6కు తగ్గాయని నివేదిక వస్తే, ఎన్ని దిద్దారు, ఎన్నింటిని కింది వర్గంలోకి మార్చారు అని విడివిడిగా అడగకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

కొత్త కోరికల సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. వాయిదా ప్రకటించగానే ప్రతి విభాగమూ ‘ఎలాగూ మూడు నెలలు ఉన్నాయి కదా’ అంటూ తన పాత రిపోర్టునో, పాత స్క్రీన్‌నో అడుగుతుంది. బర్మింగ్‌హామ్ దారి అక్కడే మొదలవుతుంది. గో-లైవ్ దాకా చట్టం తప్పనిసరి చేసిన మార్పు తప్ప ఇంకేదీ తీసుకోబోమని ఉత్తరం చెప్పాలి, బోర్డు దాన్ని తన తీర్మానంగా నమోదు చేయాలి. మేనేజర్ ఒంటరిగా ‘కాదు’ అనలేని చోట ఆ తీర్మానం పనికొస్తుంది.

ఖర్చు మీద ఎక్కువ రాయనక్కరలేదు. మూడు నెలలకు కన్సల్టెంట్ల బృందానికి 1.95 కోట్లు, పాత సిస్టమ్ మెయింటెనెన్స్ పొడిగింపుకు 18 లక్షలు, ప్రాజెక్టులో ఉన్న సిబ్బంది స్థానంలో తాత్కాలికంగా పెట్టినవారికి 24 లక్షలు, మొత్తం 2.37 కోట్లు. దీని పక్కన కంపెనీ ఒక రోజు డిస్పాచ్ విలువ రాస్తే చాలు, డైరెక్టర్లు మిగతా లెక్క వేసుకోగలరు. రోజుకు కోటిన్నర సరుకు పంపే కంపెనీ ఒక వారం ఆగితే ఎంతో వాళ్లకు తెలుసు. అయితే ఆలస్యం ఎప్పుడూ లాభమే అన్న ధోరణి సరికాదు. మంచి కన్సల్టెంట్లు వేరే ప్రాజెక్టులకు వెళ్లిపోతారు, ట్రైనింగ్ తీసుకున్నవాళ్లు మర్చిపోతారు, ఇవాళ శుభ్రం చేసిన డేటా మూడు నెలల్లో మళ్లీ పాడవుతుంది. అందుకే గడువు తేదీలు ఒకసారి నింపి ఊరుకోకుండా, కొత్తగా వచ్చే ప్రతి బ్యాచ్‌కూ గేటు దగ్గరే నింపే పద్ధతి వాయిదా మొదటి వారంలోనే పెట్టాలి.

డైరెక్టర్లకు ఒక విన్నపం. ఇలాంటి ఉత్తరం మీ ముందుకు వచ్చినప్పుడు దానితో పాటు చివరి మాక్ కటోవర్ తేడాల పట్టిక అడగండి: పాత సిస్టమ్‌లో ఎంత, కొత్తదానిలో ఎంత, తేడా ఎందుకు, దాని కింద ఫైనాన్స్ అధిపతి సంతకం. ఆ కాగితం సిద్ధంగా లేదంటే, కొత్త తేదీకి ఆ సమావేశంలో ఆమోదం ఇవ్వకండి.